వాట్సాప్ స్టేటస్, కేటలాగ్, చాట్: మూడింట్లో ఒకే గొంతు, ఒకే రూపు (ఒక చీరల వ్యాపారం ఉదాహరణతో)

మా వదిన మంగళగిరిలో ఇంటి నుంచే చేనేత చీరలు అమ్ముతుంది. షాపు లేదు, వెబ్‌సైట్ లేదు. ఉన్నదల్లా ఒక ఫోన్, అందులో వాట్సాప్ బిజినెస్. రెండేళ్ళ క్రితం హైదరాబాద్ నుంచి ఒకావిడ స్టేటస్‌లో ఒక చీర చూసి, కేటలాగ్‌లో వెతుక్కుని, మెసేజ్ పెట్టింది. స్టేటస్‌లో ఆ చీర ఎర్రగా ఉంది, కింద 1550/- అని రాసి ఉంది. కేటలాగ్‌లో అదే చీర మెరూన్‌గా ఉంది, ధర ₹1,650. చాట్‌లో మా వదిన కూతురు "హాయ్ డియర్, ప్రైస్ 1600 ఓన్లీ" అని జవాబిచ్చింది. ఆవిడ తిరిగి అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది: "ఇవి మీ చీరలేనా అండీ, లేక ఎవరివో ఫార్వర్డ్ చేస్తున్నారా?"

ఆ అనుమానంలో తప్పేమీ లేదు. రీసెల్లింగ్ గ్రూపుల్లో ఒకే ఫోటో పదిమంది చేతులు మారి, పది ధరలతో తిరుగుతూ ఉంటుంది. కొనేవాళ్ళు స్టేటస్ నుంచి కేటలాగ్‌కు, కేటలాగ్ నుంచి చాట్‌కు ఒక్క నిమిషంలో వచ్చేస్తారు. ఆ నిమిషంలో ముగ్గురు వేరువేరు మనుషులతో మాట్లాడినట్టు అనిపిస్తే సరుకు ఎంత మంచిదైనా చెయ్యి వెనక్కి పోతుంది. ఆ మూడు చోట్లా ఒకే మనిషి మాట్లాడుతున్నట్టు, ఒకే ఇంట్లో తీసిన ఫోటోల్లా కనిపించేలా మేం ఎలా సర్దుకున్నామో అడుగులవారీగా రాస్తున్నాను. మొత్తం మీద అయిన ఖర్చు ఒక కోరా గుడ్డ, రెండు థర్మాకోల్ షీట్లు, ఒక చిన్న ఫోన్ స్టాండ్, అంతే.

మొదటి అడుగు: నంబర్ వేరు చేయండి

ఇంటి ఫోటోలు, గుడ్ మార్నింగ్ పూలు, రాజకీయాల ఫార్వర్డులు వ్యాపారం నంబర్ స్టేటస్‌లో వస్తున్నంత కాలం మిగతా ఏ అడుగూ పనిచేయదు. మామూలు వాట్సాప్, వాట్సాప్ బిజినెస్ రెండూ ఒకే ఫోన్‌లో రెండు వేర్వేరు నంబర్లతో నడుస్తాయి. ఇంట్లో వాడకుండా పడి ఉన్న రెండో సిమ్ చాలు. ల్యాండ్‌లైన్ ఉంటే దానితో కూడా బిజినెస్ అకౌంట్ తెరవచ్చు. వాట్సాప్ పంపే కోడ్‌ను ఫోన్ కాల్‌లో వినిపించమని అడగాలి.

పేరు కూడా ఇప్పుడే తేల్చుకోండి. మా దగ్గర తెలుగులో ఒక పేరు, ఇంగ్లీషులో రెండు స్పెల్లింగులు ఉండేవి. ప్రొఫైల్‌లో ఒకటి, పార్సిల్ మీద అంటించే కాగితంలో ఇంకొకటి. ఒక స్పెల్లింగ్ ఎంచుకుని అన్ని చోట్లా అదే పెట్టాం. ప్రొఫైల్ బొమ్మ గుండ్రంగా కత్తిరించి కనిపిస్తుంది కాబట్టి నాలుగు మూలల్లో అక్షరాలు పెడితే పోతాయి. పేరులోని మొదటి అక్షరం ఒక్కటి మధ్యలో పెద్దగా ఉంటే చాట్ లిస్టులో చిన్నగా కనిపించినా గుర్తుపడతారు.

రెండో అడుగు: ఒక్క కాగితం

పెద్ద కంపెనీలు దీనికోసం పుస్తకమే రాయించుకుంటాయి. మనకు నోట్‌బుక్‌లో ఒక పేజీ సరిపోతుంది. దాన్ని ఫోటో తీసి, ఫోన్ చేత్తో పట్టుకునే ఇంట్లోవాళ్ళందరికీ పంపండి. మా పేజీలో ఇవి ఉన్నాయి:

```
రంగులు : మీగడ #F6EFE2 | ముదురు మెరూన్ #5B1A1E | జరీ #B8862D
అక్షరాలు: రామభద్ర (పెద్దవి), మండలి (చిన్నవి)
ధర     : ₹1,650   (1650/- వద్దు, "ఓన్లీ" వద్దు)
కోడ్    : ప్రతి చీరకూ ఒకటి, MN-014 లాగా
పిలుపు  : అందరికీ "మీరు", "అండి"
ఎమోజీ  : ఒక మెసేజ్‌కు ఒకటి, అంతకు మించి వద్దు
```

రంగుల గురించి ఒక మాట. మొదట నాకు కూడా మంచి గులాబీ రంగు ఫ్రేమ్ పెట్టాలనిపించింది. కానీ చీరల వ్యాపారంలో సరుకే రంగు. గులాబీ ఫ్రేమ్‌లో చిలకపచ్చ చీర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కనకాంబరం రంగు చీర అయితే వెలిసిపోయినట్టు ఉంటుంది. అందుకే చుట్టూ ఉండే రంగు ఏ చీరతోనూ పోటీ పడనిది అయి ఉండాలి. మీగడ రంగు మీద ముదురు మెరూన్ అక్షరాలు ఎండలో ఫోన్ చూసేవాళ్ళకు కూడా చదవడానికి వీలుగా ఉంటాయి. జరీ రంగు సన్నటి గీతకు మాత్రమే వాడతాం. దానితో అక్షరాలు రాస్తే మీగడ మీద సరిగా కనపడవు. # గుర్తుతో ఉన్న ఆ ఆరు అక్షరాలను డిజైన్ యాప్‌లో రంగు అడిగిన చోట టైప్ చేస్తే ప్రతిసారీ అచ్చంగా అదే రంగు వస్తుంది. కంటి అంచనాతో ఎంచుకుంటే మూడు నెలల్లో ముప్పై మెరూన్‌లు తయారవుతాయి.

రామభద్ర, మండలి రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే యూనికోడ్ తెలుగు ఫాంట్లు. ఎంచుకున్న యాప్‌లో ముందుగా "వస్త్రాలు", "లక్ష్మీ", "సంక్రాంతి", "జ్యేష్ఠ" అనే నాలుగు మాటలు టైప్ చేసి చూడండి. ఒత్తులు విడిపోయినా, కింది ఒత్తు రెండో లైను మీద పడినా ఆ యాప్, ఫాంట్ జత పనికిరాదు. తెలుగుకు ఇంగ్లీషు కంటే లైన్ల మధ్య ఎడం ఎక్కువ కావాలి. యాప్ తనంతట ఇచ్చే ఎడాన్ని కాస్త పెంచితే చాలావరకు సరిపోతుంది. సొంత ఫాంట్ ఫైల్ ఎక్కించడానికి కాన్వా యాప్‌లో డబ్బు కట్టాలి. ఆండ్రాయిడ్‌లో పిక్సెల్‌ల్యాబ్ ఉచితంగానే ఎక్కించనిస్తుంది.

ఫ్లెక్సీ షాపులో అనూ ఫాంట్లతో టైప్ చేయించిన మ్యాటర్ ఉంటే దాన్ని కాపీ చేసి కేటలాగ్‌లో పెట్టలేరు. అవి యూనికోడ్ కావు కాబట్టి పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. మళ్ళీ టైప్ చేయాల్సిందే.

మూడో అడుగు: ఫోటో ఒక్కసారే, ఒకే చోట

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఫోటోల్లో వెలుతురు మారుతుంటే ఎంత మంచి ఫ్రేమ్ పెట్టినా కేటలాగ్ పాతబట్టల మూటలా కనిపిస్తుంది.

మా వదిన ఇంట్లో ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది ఎంచుకున్నాం. ఉత్తరం కిటికీలోంచి ఏడాదిలో చాలాకాలం నేరుగా ఎండ పడదు, వెలుతురు మాత్రం పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వెనక గోడకు కోరా గుడ్డ కట్టాం. తళతళలాడే తెల్లగుడ్డ పెడితే కెమెరా చీరను ముదురుగా చేసేస్తుంది, కోరా రంగుకు ఆ ఇబ్బంది తక్కువ. కిటికీకి ఎదురుగా థర్మాకోల్ షీట్ నిలబెడితే నీడ వైపున్న మడతల్లోకి వెలుతురు తిరిగి పడుతుంది. ఫోటో తీసేటప్పుడు ట్యూబ్‌లైట్ తప్పకుండా ఆర్పేయాలి. కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైట్ వెలుతురు కలిస్తే చీర సగం ఒక రంగు, సగం ఒక రంగుగా వస్తుంది. దాన్ని ఏ యాప్ కూడా సరిచేయలేదు.

తర్వాత సుద్దముక్కతో నేల మీద మూడు గుర్తులు పెట్టాం: ఫోన్ స్టాండ్ ఎక్కడ, చీర పెట్టే బల్ల ఎక్కడ, థర్మాకోల్ ఎక్కడ. తర్వాత వాటినే రంగు టేపుతో శాశ్వతం చేశాం. ఆరు నెలల తర్వాత తీసిన ఫోటో కూడా పాతదాని పక్కన ఇమిడిపోవడానికి కారణం ఆ మూడు టేపు ముక్కలే.

ఫోన్‌లో రెండు పనులు చేయాలి. సీన్ ఆప్టిమైజర్ లాంటివి, బ్యూటీ మోడ్, ఫిల్టర్లు అన్నీ ఆపేయండి. అవి రంగులను "బాగా" కనిపించేలా చేస్తాయి, మనకు కావలసింది ఉన్నది ఉన్నట్టు కనిపించడం. తర్వాత తెర మీద చీరపై వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే, వెలుతురును బట్టి రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా ఒక అంకె దగ్గర, మాకైతే 5200K దగ్గర, ఆపేయవచ్చు. ఆటోలో ఉంటే ఎర్రచీర పెట్టినప్పుడు ఫోన్ దాన్ని తగ్గించాలని చూస్తుంది, నీలంచీర పెట్టినప్పుడు ఇంకోవైపు లాగుతుంది. హైదరాబాద్ ఆవిడకు ఒకే చీర రెండు రంగుల్లో కనపడటానికి కారణం ఇదే: ఒకటి పగలు తీసింది, ఇంకొకటి రాత్రి బల్బు కింద తీసింది.

ప్రో మోడ్ లేకపోయినా దారి ఉంది. ఆ రోజు తీసే మొదటి ఫోటోలో చీర పక్కన ఒక తెల్ల ఏ4 కాగితం పెట్టండి. స్నాప్‌సీడ్ యాప్‌లో White Balance తెరిచి డ్రాపర్‌ను ఆ కాగితం మీద ఆనించండి. కాగితం తెల్లగా అవుతుంది, దాంతో చీర కూడా అసలు రంగుకు వస్తుంది. ఆ మార్పునే Last Edits ద్వారా ఆ రోజు తీసిన మిగతా ఫోటోలన్నిటికీ వేయవచ్చు. చివరగా ఫోన్‌ను చీర పక్కన పట్టుకుని చూడండి. తెర మీది రంగు, చేతిలో ఉన్న రంగు దగ్గరగా ఉన్నాయా? వంకాయ రంగు, మెజెంటా దగ్గర ఫోన్లు ఎక్కువగా తడబడతాయి, నీలం వైపు జరిపేస్తాయి. ఎంత సరిచేసినా కుదరకపోతే, ఆ చీర వివరణలో "ఫోటోలో కంటే కొంచెం ఎరుపు ఎక్కువ" అని రాసేయడమే పద్ధతి.

పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న చీరలు కదిలిస్తే రంగు మారతాయి. వీటికి ఒక్క ఫోటో ఎప్పటికీ చాలదు. రెండు కోణాల్లో తీసి, రెండూ పెట్టి, ఎందుకు తేడాగా ఉందో ఒక వాక్యం రాస్తాం.

ప్రతి చీరకూ ఐదు ఫోటోలు, ఎప్పుడూ ఇదే వరుసలో: మడత పెట్టిన చీర, కొంగు, అంచు దగ్గరగా, బ్లౌజ్ ముక్క, వరండాలో పగటి వెలుతురులో దండెం మీద. కేటలాగ్‌లో ఒక వస్తువుకు పది ఫోటోల దాకా పెట్టవచ్చు కానీ ఐదు దాటితే జనం చూడటం లేదు. వరుస మారకపోవడం వల్ల ఒక ఉపయోగం ఉంది. పాత కస్టమర్లకు "మూడోది జరిపితే అంచు కనిపిస్తుంది" అని అలవాటైపోయింది, "బోర్డర్ క్లోజప్ పంపండి" అనే మెసేజ్‌లు బాగా తగ్గాయి.

ఫోటోలను ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు పంపుకునేటప్పుడు మామూలు ఫోటోగా పంపితే నాణ్యత పడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీ చాలాకాలం వస్తుంది. ఫైల్ పేరులో కోడ్ ఉండాలి:

```
MN-014-1.jpg
MN-014-2.jpg
```

స్టేటస్‌కైనా, కేటలాగ్‌కైనా, చాట్‌లో పంపడానికైనా ఫోటో ఈ ఫోల్డర్‌లోంచే రావాలి. అప్పటికప్పుడు ఫోన్‌తో క్లిక్‌మనిపించి స్టేటస్‌లో పెట్టడం మా ఇంట్లో నిషిద్ధం.

నాలుగో అడుగు: రెండు ఫ్రేములు చాలు

ఒకటి 1080×1080, చదరం. ఇంకొకటి 1080×1920, నిలువు, స్టేటస్ కోసం. యాప్‌లో ఈ రెండూ ఒకసారి చేసి పెట్టుకుని, ప్రతిసారీ కాపీ తీసి ఫోటో మార్చడమే. సైజును దానంతటదే మార్చే సదుపాయానికి కాన్వా డబ్బు అడుగుతుంది కాబట్టి మొదటే రెండూ విడిగా చేసుకోవడం మేలు.

నిలువు ఫ్రేములో పైన సుమారు 250 పిక్సెళ్ళు, కింద 350 పిక్సెళ్ళు ఖాళీగా వదలండి. స్టేటస్ చూసేటప్పుడు పైన పేరు, గీతలు వస్తాయి, కింద క్యాప్షన్, జవాబు పెట్టే చోటు వస్తాయి. మా మొదటి ఫ్రేములో కోడ్ కింద మూలలో ఉండేది, క్యాప్షన్ వచ్చి దాన్ని కప్పేసేది. ఫోన్‌లో మీ ఎడిటర్ చూపించే బొమ్మను నమ్మకుండా, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో స్టేటస్ తెరిచి చూస్తేనే ఇది తెలుస్తుంది.

కేటలాగ్ మొదటి ఫోటో మీద మాత్రం ఏ అక్షరమూ వద్దు. లిస్టులో అది చిన్న చదరంగా కనిపిస్తుంది, అక్షరాలు చీమల్లా ఉంటాయి. ఇక ధరను ఏ ఫోటో మీదా రాయవద్దు. ఇది నేను గట్టిగా చెప్పే విషయం. ఫోటో మీద ధర రాస్తే, నూలు ధర పెరిగి మీరు కేటలాగ్‌లో మార్చాక కూడా ఫార్వర్డ్ అయిన పాత ఫోటో పాత ధరతో తిరుగుతూనే ఉంటుంది. ధర ఉండాల్సిన అసలు చోటు కేటలాగ్‌లో ధర అని అడిగే గడి. స్టేటస్ క్యాప్షన్‌లో, చాట్‌లో రాసే ధర అక్కడ చూసి రాయాలి, గుర్తున్నది రాయకూడదు. మిగతా ఫోటోల మీద ఉండాల్సింది కోడ్ ఒక్కటే, ఎందుకంటే అది మారదు.

పండగ శుభాకాంక్షలకు కూడా ఇదే ఫ్రేమ్. టెంప్లేట్ యాప్‌లో దొరికే ఉగాది బొమ్మ మీద మన పేరు అతికించి పెడితే, అదే బొమ్మ ఊళ్ళో మెడికల్ షాపు స్టేటస్‌లోనూ ఉంటుంది. మామిడాకు పచ్చ చీర మడత మీద నాలుగు వేపపూలు పెట్టి అదే కిటికీ దగ్గర ఫోటో తీసుకోండి, రెండు మాటలు రాయండి.

ఐదో అడుగు: గొంతు పట్టుకోవడం

చాలామంది ఇక్కడ కూర్చుని "మన బ్రాండ్ స్నేహంగా, నమ్మకంగా ఉండాలి" అని రాసుకుంటారు. అది రాసుకున్నంత మాత్రాన రేపు పొద్దున స్టేటస్‌లో ఏం రాయాలో తెలియదు. మేం వేరే పని చేశాం. ఇంటికి వచ్చిన ఒక కస్టమర్‌కు, ఆవిడకు చెప్పే, వదిన చీర చూపిస్తుండగా ఫోన్‌లో రికార్డు చేశాం. తర్వాత ఆ మాటల్ని కాగితం మీద పెట్టాం. వదిన ఇలా మాట్లాడుతోంది: "పట్టుకుని చూడండి, గంజి పోయాక ఇంకా మెత్తబడుతుంది." "ఇది రోజూ కట్టుకునేది కాదండీ, పెళ్ళిళ్ళకు పెట్టుకోండి." "మొదటి రెండుసార్లు విడిగా ఉతకండి, రంగు కొంచెం దిగుతుంది."

అందులో "రిచ్ లుక్" లేదు, "హర్రీ అప్" లేదు. చిన్న వాక్యాలు, చేతికి తగిలే సంగతులు, లోపం ఉంటే ముందే చెప్పేయడం. ఇదే ఆవిడ గొంతు. దీన్నే రాతలో పెట్టాలి. అమ్మే మనిషి మాట నుంచి తీసుకుంటే ఎప్పటికప్పుడు కొత్తగా కనిపెట్టాల్సిన అవసరం ఉండదు, ఎదురుగా కలిసినప్పుడూ తేడా రాదు. టైప్ చేయడం కష్టమైతే జీబోర్డ్‌లో తెలుగు మైకు నొక్కి మాట్లాడి, తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు.

ఆ తర్వాత మాటల జాబితా తయారైంది. చీర అంటాం, శారీ అనం. బ్లౌజ్ అంటాం, ఎందుకంటే రవిక అని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. "అయిపోయింది" అంటాం, "సోల్డ్ అవుట్" అనం. కస్టమర్ వయసు మనకు తెలియదు కాబట్టి అక్కా, అమ్మా, డియర్ ఏవీ వద్దు, అందరికీ "అండి". ఆవిడే "వదినా" అని పిలిస్తే అప్పుడు వేరే సంగతి. మరమగ్గం బట్ట ఎప్పుడైనా తెస్తే దానికి చేనేత అనే మాట వాడం.

రంగుల పేర్లకు ప్రత్యేకంగా జాబితా కావాలి. ఒకే చీరను వదిన నెమలికంఠం అంటే, కూతురు పీకాక్ బ్లూ అని, నేను రామా గ్రీన్ అని రాసిన రోజులున్నాయి. వంకాయ, నెమలికంఠం, చిలకపచ్చ, గంధం, కనకాంబరం, మెంతి, ఇటుక, ఇలా పదహారు పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన చిన్న దారం ముక్క అంటించాం. కొత్త చీర రాగానే దారాల పక్కన పెట్టి చూసి పేరు పెడతాం. వేరే రాష్ట్రాల్లో, విదేశాల్లో ఉన్నవాళ్ళ పిల్లలు తెలుగు చదవలేకపోవచ్చు కాబట్టి వివరణ చివర ఇంగ్లీషులో ఒకే ఒక్క లైను ఉంటుంది: రంగు, పొడవు. ఎప్పుడూ చివరే.

ఆరో అడుగు: ఒక చీర మొదటి నుంచి చివరి దాకా

MN-014కు పాత వివరణ ఇది: "బ్యూటిఫుల్ ప్యూర్ కాటన్ శారీ, రిచ్ లుక్, లిమిటెడ్ స్టాక్, హర్రీ అప్!!" ఏ చీరకైనా అతుకుతుంది, అందుకే ఏ చీర గురించీ చెప్పదు. కొత్తది:

```
MN-014 వంకాయ రంగు చీర, నిజాం బోర్డర్

మంగళగిరి చేనేత, 80 కౌంట్ నూలు.
పొడవు ఐదున్నర మీటర్లు, బ్లౌజ్ ముక్క 80 సెంటీమీటర్లు.
ఎండలో కొంచెం ఎర్రగా, నీడలో ముదురుగా కనిపిస్తుంది.
పడుగు, పేక రెండు రంగులు.
మొదటి రెండుసార్లు చల్లనీళ్ళలో విడిగా ఉతకండి.
```

పేరు, నూలు, కొలత, రంగు గురించిన నిజం, ఉతుకు. ప్రతి చీరకూ ఈ ఐదు సంగతులు ఈ వరుసలోనే. ధర దాని గడిలో, కోడ్ దాని గడిలో. కేటలాగ్‌లో పెట్టింది వాట్సాప్ పరిశీలించాకే అందరికీ కనిపిస్తుంది. అందుకే స్టేటస్ పెట్టడానికి కనీసం ముందురోజే కేటలాగ్‌లో ఎక్కించాలి. లేదంటే స్టేటస్ చూసి వచ్చినవాళ్ళకు అక్కడ చీర దొరకదు.

ఆ మరుసటి రోజు స్టేటస్: నిలువు ఫ్రేములో MN-014-2, అంటే కొంగు ఫోటో. క్యాప్షన్: "వంకాయ రంగు, నిజాం బోర్డర్. MN-014, ₹1,650. ఎండలో ఎర్రటి మెరుపు వస్తుంది." దాని కింద ఆ చీర లింక్. కేటలాగ్‌లో ఒక్కో వస్తువును తెరిచి షేర్ నొక్కితే దాని లింక్ వస్తుంది, `wa.me/p/` తో మొదలవుతుంది. మొత్తం కేటలాగ్‌ది `wa.me/c/` తో మొదలవుతుంది.

చీర అమ్ముడైపోతే కేటలాగ్ నుంచి తీసేయకుండా దాచేయండి. మళ్ళీ నేయించినప్పుడు అదే కోడ్, అదే వివరణ, అవే ఫోటోలతో తిరిగి తెరవచ్చు.

ఏడో అడుగు: స్టేటస్‌కు ఒక వరుస

స్టేటస్ ఇరవైనాలుగు గంటల్లో పోతుంది కదా అని ఇష్టం వచ్చినట్టు పెట్టేస్తుంటారు. కానీ రోజూ చూసేవాళ్ళకు అది ఒక అలవాటు. మా వదిన వారానికి నాలుగు రోజులు పెడుతుంది: సోమవారం కొత్త చీర, బుధవారం మగ్గం దగ్గర చిన్న వీడియో, శుక్రవారం చీర జాగ్రత్త గురించి ఒక మాట, ఆదివారం ఎవరైనా కస్టమర్ అనుమతి ఇచ్చి పంపిన ఫోటో. రోజుకు మూడు మించవు. ముప్పై చీరలు వరసగా పెడితే పైన గీతలు చుక్కలైపోతాయి, జనం జరిపేసుకుని పోతారు. ముప్పై చూపించడానికి కేటలాగ్ ఉంది.

కస్టమర్ పంపిన ఫోటో వెలుతురు మన చేతిలో ఉండదు. దానికి రంగులు దిద్దకుండా మీగడ ఫ్రేములో పెడితే చాలు, మన వరుసలో కలిసిపోతుంది.

ఒక పరిమితి గుర్తుంచుకోండి. మీ నంబర్ వాళ్ళ దగ్గర, వాళ్ళ నంబర్ మీ దగ్గర సేవ్ అయి ఉంటేనే స్టేటస్ కనిపిస్తుంది. ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ కూడా మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది, ఒక లిస్టులో 256 మంది. అందుకే పార్సిల్‌లో పెట్టే చీటీ మీద నంబర్, దాని కింద "ఈ పేరుతో సేవ్ చేసుకోండి" అని అదే స్పెల్లింగ్‌లో రాస్తాం.

ఎనిమిదో అడుగు: నలుగురి చేతుల్లో ఒకే జవాబు

వదిన ఫోన్‌కు ఇంకో నాలుగు పరికరాల దాకా లింక్ చేయవచ్చు. మధ్యాహ్నం కూతురు, రాత్రి అన్నయ్య జవాబిస్తారు. గొంతు చెదిరేది ఇక్కడే. దీనికి క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసి పెట్టుకునే జవాబులు, వాడుతున్నాం. యాభై దాకా పెట్టుకోవచ్చు, మాకు ఎనిమిది సరిపోయాయి. చాట్‌లో / నొక్కగానే వస్తాయి.

```
/dhara   నమస్తే అండి. ఈ చీర ధర ₹____. పోస్టేజీ విడిగా ₹____.
/ledu    ఇది అయిపోయిందండి. మళ్ళీ నేయిస్తే చెప్తాము.
         ఇదే రంగులో ఇంకోటి ఉంది, చూపించమంటారా?
/alasyam మీ పార్సిల్ ఆలస్యమైంది అండి, మా వల్లే.
         ____ న పంపుతాము. వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇస్తాము.
```

ఖాళీలు కావాలనే వదిలాం, ఎందుకంటే పూర్తిగా తయారైన జవాబు చదవకుండా పంపేస్తారు. మూడోది రాయడానికి మాకు ఎక్కువ సమయం పట్టింది. అమ్మేటప్పుడు "అండి" అంటూ, ఆలస్యమైనప్పుడు "డియర్ కస్టమర్, డ్యూ టు రెయిన్స్" అనే చలువరాయి భాషలోకి మారిపోతే అంతకుముందు పెంచుకున్న నమ్మకం అంతా ఆ ఒక్క మెసేజ్‌తో పోతుంది. చెడ్డ వార్త కూడా వదిన గొంతులోనే ఉండాలి. మొదటిసారి మెసేజ్ పెట్టినవాళ్ళకు దానంతటదే వెళ్ళే పలకరింపును, రాత్రి పూట వెళ్ళే Away మెసేజ్‌ను కూడా ఇదే భాషలో తిరగరాయండి. ఆ రెండూ ఇంగ్లీషులో ఉన్నవి అలాగే వదిలేసేవాళ్ళు చాలామంది.

తొమ్మిదో అడుగు: నెలకో గంట తనిఖీ

నెలాఖరున కేటలాగ్ తెరిచి స్క్రోల్ చేస్తూ స్క్రీన్‌షాట్లు తీసి, ఆ నెల స్టేటస్ స్క్రీన్‌షాట్లతో కలిపి ఒకే పేజీలో పేర్చి చూడండి. ఒక్కో ఫోటోను విడిగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. పక్కపక్కన పెడితే పసుపుగా వచ్చింది, దగ్గరగా తీసింది, వెనక గోడ కనిపించింది ఇట్టే బయటపడతాయి.

తర్వాత చాట్‌లోకి వెళ్ళి కస్టమర్లు అడిగిన ప్రశ్నలు ఇరవై చదవండి. వివరణలో ఉన్నదాన్నే మళ్ళీ అడుగుతుంటే అది కనపడే చోట లేదని అర్థం. మా దగ్గర "బ్లౌజ్ ఉందా?" అనే ప్రశ్న ఆగలేదు, అప్పుడు కొలతల లైనును మూడో వరుస నుంచి రెండో వరుసకు తెచ్చాం. "రంగు ఫోటోలో లాగే ఉంటుందా?" అనేది పెరిగితే కిటికీ దగ్గర ఏదో మారిందన్నమాట. ఒకసారి నిజంగానే పక్కింటివాళ్ళు ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టారు, ఆ వారం ఫోటోలన్నీ పచ్చగా తిరిగాయి.

పాత కేటలాగ్ మొత్తాన్ని ఒకేసారి మార్చడానికి కూర్చోకండి, సగంలో విసుగొస్తుంది. కేటలాగ్‌లో 500 వస్తువుల దాకా పెట్టవచ్చు కానీ మా దగ్గర అరవై ఉండేవి. ఎక్కువగా అడిగే ఇరవైని మొదటి వారం కొత్తగా తీశాం, మిగతావి దాచేశాం. రోజుకు రెండు చొప్పున తిరిగి తెరిచాం. చివరి చీర తెరిచేసరికి దాదాపు నెల పట్టింది. ఈలోపు కేటలాగ్ చిన్నగా ఉన్నా, కనిపించిన ప్రతి చీరా అదే కిటికీ వెలుతురులో ఉండేది.